ఆరిఫిస్ ప్లేటా, వెంచురీయా: నాగావళి ఒడ్డున ఒక పంపుహౌస్ లెక్క

శ్రీకాకుళం జిల్లాలో నాగావళి ఒడ్డున ఉన్న ఒక ఊరి పంపుహౌస్ నుంచి వానాకాలం అయిపోయాక నాకు ఫోన్ వచ్చింది. అక్కడ రెండు పంపులు కలిసి 300 మి.మీ. పైపులోకి నీళ్లు తోస్తాయి. ఆ పైపులో ఆరిఫిస్ ప్లేటు మీటరు ఉంది. రెండు పంపులూ నడుస్తుంటే గంటకు 250 ఘనపు మీటర్లు చూపించే మీటరు అప్పుడు 215 దగ్గర ఆగిపోయింది. "బాబూ, మీటరు తక్కువ సూపిస్తంది గానీ ట్యాంకు మాత్రం ఎప్పట్లాగే నిండిపోతంది" అన్నాడు ఆపరేటరు. నీటి కమిటీ వాళ్లు అప్పటికే ఒక నిర్ణయానికి వచ్చేశారు. ప్లేటు పాడైందని, దాన్ని తీసేసి వెంచురీ పెట్టిద్దామని.

నేను వెళ్లి చూశాక వాళ్లకు రెండు మాటలు చెప్పాను. ప్లేటు పాడవలేదు. అయినా ఈ పైపుకు వెంచురీయే మంచిది, కాకపోతే మీరు అనుకున్న కారణానికి కాదు. ఈ రెండింటిలో ఏదో ఒకటి ఎంచుకోవాల్సిన వాళ్లకు పనికొస్తుందని ఆ రెండు మాటల వెనకున్న లెక్క వివరంగా రాస్తున్నాను.

రెండూ చేసే పని ఒకటే, చేసే తీరు వేరు

పైపులో ఒకచోట దారి ఇరుకు చేస్తే నీరు అక్కడ వేగం పెంచుకుని వెళ్లాలి. వేగం పెరిగినచోట పీడనం తగ్గుతుంది. ఇరుకుకు ముందు పీడనం ఎంత, ఇరుకు దగ్గర ఎంత అని రెండు సన్న గొట్టాలతో చూసి, ఆ తేడా నుంచి ప్రవాహాన్ని లెక్కకడతాం. ఫీల్డులో ఈ తేడాను డీపీ అంటారు. నీటి పనుల్లో దీన్ని మీటర్ల నీటి ఎత్తుగా చెప్పుకోవడం సులువు.

ఆరిఫిస్ ప్లేటు అంటే మధ్యలో గుండ్రటి రంధ్రం ఉన్న స్టీలు పళ్లెం. రెండు ఫ్లాంజుల మధ్య బిగిస్తారు. నీరు దానికి ఒక్కసారిగా గుద్దుకుని, రంధ్రం పదునైన అంచు మీదుగా లోపలికి వంగి, సన్నటి ధారగా బయటికి వస్తుంది. ఆ ధార రంధ్రం కన్నా కూడా సన్నబడుతుంది. అందుకే రంధ్రం వైశాల్యాన్ని బట్టి వేసిన లెక్కలో దాదాపు 60 శాతం నీరే నిజంగా వెళ్తుంది. వెంచురీలో అలా కాదు. పైపు నెమ్మదిగా గరాటులా సన్నబడి, కొంత దూరం గొంతులా సాగి, మళ్లీ మెల్లగా విప్పారుతుంది. నీరు గోడను వదలకుండా జారిపోతుంది కాబట్టి లెక్కకూ నిజానికీ తేడా ఒకటి రెండు శాతమే.

సూత్రం రెండింటికీ ఒకటే:

```
Q = C × A × √( 2 g h / (1 − β⁴) )
```

Q అంటే ప్రవాహం, A అంటే రంధ్రం లేదా గొంతు వైశాల్యం, h అంటే మీటర్లలో పీడన తేడా, g అంటే 9.81. β అంటే రంధ్రం వ్యాసాన్ని పైపు వ్యాసంతో భాగిస్తే వచ్చేది. C ఒక్కటే రెండింటికీ మారుతుంది. మన ప్లేటుకు అది సుమారు 0.61, వెంచురీకి తయారీ తీరును బట్టి 0.98 నుంచి 0.995 వరకు. కింది లెక్కల్లో 0.985 తీసుకున్నాను.

నీళ్లు కొలవడానికి వెంచురీని మొదట వాడింది క్లెమెన్స్ హెర్షెల్ అనే అమెరికా ఇంజనీరు, 1887 ప్రాంతంలో. ఇరుకులో పీడనం తగ్గడం గురించి ఇటలీకి చెందిన వెంచురీ 1797లోనే రాశాడు కాబట్టి, మీటరుకు ఆయన పేరే పెట్టాడు హెర్షెల్.

అసలు తేడా కరెంటు బిల్లులో ఉంది

కొటేషన్లు తెప్పించుకుంటే ప్లేటు ధర చాలా తక్కువ, వెంచురీ ధర దానికి ఎన్నో రెట్లు. చాలామంది అక్కడితో ఆగిపోయి ప్లేటు కొనేస్తారు. కానీ మీటరు కోసం మనం సృష్టించిన పీడన తేడా అంతా తర్వాత వెనక్కి రాదు. కొంత పోతుంది, దాన్ని పంపు భరించాలి. ఎంత పోతుందన్న దగ్గరే ఈ రెండింటికీ భూమికీ ఆకాశానికీ ఉన్నంత తేడా.

మా పంపుహౌస్ లెక్క వేద్దాం. పైపు లోపలి వ్యాసం 300 మి.మీ., ప్లేటు రంధ్రం 180 మి.మీ., అంటే β 0.6. గంటకు 250 ఘనపు మీటర్లు వెళ్తుంటే సూత్రం ప్రకారం పీడన తేడా 0.89 మీటర్లు వస్తుంది. ప్లేటు దాటిన ధార పైపు నిండా విచ్చుకునేటప్పుడు సుడులు తిరిగి శక్తిని పారేసుకుంటుంది. ఈ β దగ్గర తేడాలో దాదాపు 63 శాతం శాశ్వతంగా పోతుంది. అంటే 0.56 మీటర్లు.

అదే పైపులో 150 మి.మీ. గొంతు ఉన్న వెంచురీ పెట్టామనుకోండి. గొంతు ప్లేటు రంధ్రం కన్నా చిన్నది. అయినా వచ్చే పీడన తేడా 0.76 మీటర్లు, ప్లేటు ఇచ్చేదానికి దగ్గరే. చదవడానికి రెండూ ఒకేలా ఉంటాయి. కానీ వెంచురీలో విప్పారే భాగం పీడనాన్ని మెల్లగా తిరిగి కూడగడుతుంది. పోయేది తేడాలో పదో వంతు, మహా అయితే ఆరో వంతు. 12 శాతం అనుకుంటే 0.09 మీటర్లు.

ఇప్పుడు దీన్ని యూనిట్లలోకి మార్చాలి. గంటకు 250 ఘనపు మీటర్ల నీటిని ఒక మీటరు అదనంగా ఎత్తాలంటే, పంపు, మోటారు కలిపి సామర్థ్యం 65 శాతం అనుకుంటే, గంటకు సుమారు 1.05 యూనిట్లు కాలతాయి. ప్లేటు తినే 0.56 మీటర్లకు గంటకు 0.58 యూనిట్లు. ఆ పంపులు రోజుకు 16 గంటలు నడుస్తాయి, అంటే ఏడాదికి 5,840 గంటలు. ప్లేటు ఖర్చు ఏడాదికి దాదాపు 3,400 యూనిట్లు. వెంచురీది 550. తేడా 2,850 యూనిట్లు. యూనిట్ ఏడు రూపాయలు అనుకుంటే ఏడాదికి సుమారు ఇరవై వేల రూపాయలు.

మీటరు ఒకసారి బిగిస్తే పదిహేనేళ్లు ఉంటుంది. వెంచురీ కొటేషన్‌లో ఉన్న అదనపు ధరను మీ దగ్గర వచ్చే ఇలాంటి సంఖ్యతో భాగించండి. అదనం ఎన్నేళ్లలో తిరిగి వస్తుందో తెలిసిపోతుంది. మూడు నాలుగేళ్లలో వస్తుంటే నేను ఇంకేమీ ఆలోచించను, వెంచురీ తీసుకోమంటాను. పంపులు రోజుకు ఎన్ని గంటలు నడుస్తాయన్నదే ఈ లెక్కలో అన్నిటికన్నా బరువైన సంఖ్య. దాన్ని లాగ్‌బుక్ చూసి రాసుకోండి, ఊహించి వేయకండి.

ప్లేటు రంధ్రం పెద్దది చేస్తే నష్టం తగ్గదా అని అడుగుతారు. తగ్గుతుంది. కానీ దాంతోపాటు చదవాల్సిన తేడా కూడా తగ్గిపోతుంది, దానికి ముందు కావలసిన వంపు లేని పైపు పొడవు పెరిగిపోతుంది. ఆ రెండో సంగతి చాలామంది డ్రాయింగులో మరిచిపోయేదే.

పలచటి ప్లేటుకు పొడవైన పైపు కావాలి

ఆరు మి.మీ. మందం ఉన్న ప్లేటు ఎక్కడైనా పట్టేస్తుంది, మీటరున్నర పొడవుండే వెంచురీకి చోటు ఎక్కడ అని ఆ కమిటీలో ఒకాయన అడిగారు. నిజం దానికి ఎదురుగా ఉంది.

ప్లేటు C విలువ 0.61 అని చెప్పుకున్నది నీరు పైపులో నిదానంగా, సుడి లేకుండా వస్తున్నప్పుడే. బెండు దాటిన నీరు ఒక పక్కకు ఒరిగి, మెలికలు తిరుగుతూ వస్తుంది. అది సర్దుకోవడానికి వంపు లేకుండా కొంత పైపు కావాలి. ఐఎస్ఓ 5167 ప్రమాణంలో దీనికి పట్టికలు ఉన్నాయి. ఒకే ఒక 90 డిగ్రీల బెండు తర్వాత β 0.6 ప్లేటు పెట్టాలంటే పైపు వ్యాసానికి 42 రెట్ల పొడవు వంపు లేకుండా ఉండాలి. 300 మి.మీ. పైపుకు అది 12.6 మీటర్లు. ప్లేటు తర్వాత మరో రెండు మీటర్లు. β 0.5కి తగ్గిస్తే ముందున్న పొడవు 22 రెట్లు, అంటే 6.6 మీటర్లు చాలు. కానీ అప్పుడు కరెంటు నష్టం ఇంకా పెరుగుతుంది.

వెంచురీలో నీరు గరాటులో సన్నబడేటప్పుడే చాలావరకు సర్దుకుంటుంది. అదే బెండు తర్వాత β 0.5 వెంచురీకి 9 రెట్లు చాలు, అంటే 2.7 మీటర్లు. దాని సొంత పొడవు కలుపుకున్నా నాలుగు మీటర్ల పైచిలుకుతో అయిపోతుంది. మా పంపుహౌస్‌లో బెండుకూ గోడకూ మధ్య అయిదు మీటర్ల చోటు ఉంది. అందులో ప్లేటు బెండుకు నాలుగు మీటర్ల దూరంలో ఉంది, అంటే సుమారు 13 రెట్లు. ప్రమాణం అంత తక్కువ పొడవును కూడా ఒప్పుకుంటుంది, కానీ కొలతలో అర శాతం అదనపు అనిశ్చితి కలుపుకోమంటుంది. ఊరి నీళ్ల లెక్కకు అర శాతం పెద్ద సమస్య కాదు. రసాయనాల ఫ్యాక్టరీలో బిల్లు వేసే మీటరుకైతే అదే పెద్ద సమస్య.

ఇక్కడ ఒక జాగ్రత్త. ఈ పొడవులు ఒకే బెండుకు చెప్పినవి. పంపు దగ్గర ఒక బెండు కిందికి, వెంటనే మరో బెండు పక్కకు తిరిగితే నీరు స్క్రూలా మెలితిరిగి వస్తుంది, పొడవులు పెరుగుతాయి. మీటరుకు ముందు సగం మూసిన వాల్వు ఉంటే ఇంకా ఘోరం. ప్రవాహాన్ని తగ్గించే వాల్వు ఎప్పుడూ మీటరు తర్వాతే ఉండాలి.

ఆ ప్లేటుకు ఏమైంది

మీటరు తక్కువ చూపిస్తున్నప్పుడు తప్పు మీటరుదా, పంపుదా అని ముందు తేల్చుకోవాలి. దానికి ట్యాంకును మించిన సాక్షి లేదు. అక్కడి ట్యాంకు లోపలి కొలత 12 మీటర్లు బై 10 మీటర్లు, అంటే 120 చదరపు మీటర్లు. ఊరికి నీళ్లు వదిలే వాల్వు పూర్తిగా మూసి, రెండు పంపులూ నడిపి, కర్రకు టేపు కట్టి అరగంటలో నీటిమట్టం ఎంత పెరిగిందో చూశాం. 1.04 మీటర్లు పెరిగింది. అంటే అరగంటకు 124.8 ఘనపు మీటర్లు, గంటకు దాదాపు 250. పంపులు బాగానే ఉన్నాయి. మీటరు చూపిన 215 నిజానికి 14 శాతం తక్కువ.

ఆరిఫిస్ ప్లేటు తక్కువ చూపడానికి రెండు పెద్ద కారణాలు ఉంటాయి. ఒకటి, పదునైన అంచు అరిగిపోవడం. వానాకాలంలో నాగావళి ఎర్రగా పారుతుంది, ఆ నీటిలో సన్నటి ఇసుక ఉంటుంది. అంచు కాస్త గుండ్రబడితే ధార మునుపటంత సన్నబడదు, అదే ప్రవాహానికి తక్కువ పీడన తేడా వస్తుంది, మీటరు తక్కువ చదువుతుంది. అంచు ఎంత పదునుగా ఉండాలంటే, దాని గుండ్రటితనం వ్యాసార్ధం రంధ్రం వ్యాసంలో 0.0004 వంతు దాటకూడదు. 180 మి.మీ. రంధ్రానికి అది 0.07 మి.మీ. మాత్రమే. చూసేందుకు సులువైన పద్ధతి ఉంది. ప్లేటు తీసి, అంచు మీద టార్చి వెలుగు వేసి, మామూలు కంటితో చూడాలి. అంచు వెంట వెలుతురు గీతలా మెరిస్తే పదును పోయినట్టే. ఏమీ మెరవకపోతే బాగున్నట్టు.

రెండోది, ప్లేటు తిరగేసి బిగించడం. ప్లేటుకు ఒక వైపు పదునైన అంచు, రెండో వైపు 45 డిగ్రీల వాలు ఉంటాయి. పదునైన వైపు నీటికి ఎదురుగా ఉండాలి. వాలు ఉన్న వైపు ఎదురుగా పెడితే అది చిన్న గరాటులా పనిచేస్తుంది, ధార సన్నబడదు. రంధ్రం, ప్లేటు మందం, వాలు కొలతలను బట్టి మీటరు పది నుంచి ఇరవై శాతం దాకా తక్కువ చూపిస్తుంది.

ఈ రెండింటినీ విడదీసి చెప్పేది కాలం. అరుగుదల నెలల తరబడి మెల్లగా వస్తుంది. తిరగేసిన ప్లేటు ఒక్కరోజులో, అది కూడా ఎవరో విప్పి బిగించిన రోజునే మొదలవుతుంది. లాగ్‌బుక్ తెరిచి చూస్తే సంగతి అక్కడే ఉంది. వర్షాల తర్వాత బురద కడగడానికి ప్లేటు విప్పిన తేదీ వరకు 248, 250, 247. మర్నాడు నుంచి 215. ప్లేటుకు బయటికి పొడుచుకొచ్చే పిడి మీద, నీరు వచ్చే వైపు ఏదో తెలిపే గుర్తు చెక్కి ఉంటుంది. మట్టి తుడిచి చూస్తే ఆ గుర్తు గోడ వైపుకు ఉంది. తిప్పి బిగించాం. మళ్లీ ట్యాంకు పరీక్ష చేస్తే మీటరు 246 చూపించింది. అంచుకు టార్చి వేసి చూస్తే మెరుపు లేదు. మూడేళ్ల ప్లేటు ఇంకా బాగానే ఉంది.

బిగించినవాడు తెలియక చేసిన పని అది, అతన్ని ఎవరూ ఏమీ అనలేదు. పిడి మీద ఆయిల్ పెయింటుతో పెద్ద బాణం గీయించాం. గాస్కెట్ కూడా చూసుకోవాలి. అది లోపలికి పొడుచుకొస్తే ప్లేటు ఎంత మంచిదైనా కొలత చెడుతుంది.

బురద నీటిలో ప్లేటుకు ఇంకో చిక్కు ఉంది. అడ్డంగా నిలబడ్డ ప్లేటు ముందు, పైపు అడుగున ఇసుక పేరుకుంటుంది. చిన్న గట్టు కట్టినట్టు అవుతుంది. అడుగున చిన్న రంధ్రం వేసిన ప్లేట్లు దొరుకుతాయి, కొంత మేలు. కానీ బురద ఎక్కువగా ఉండే నీటికి నేను ప్లేటు సిఫారసు చేయను.

వెంచురీకీ జబ్బులు ఉన్నాయి

పదునైన అంచు లేదు కాబట్టి వెంచురీ ఇసుకకు పెద్దగా లొంగదు, అడుగున ఏమీ పేరుకోదు. దాని సమస్య పూత. బోరు నీటిలో ఇనుమో సున్నమో ఎక్కువుంటే లోపలి గోడ మీద పొర కడుతుంది. గొంతు చుట్టూ ఒక మి.మీ. పొర కడితే 150 మి.మీ. వ్యాసం 148 అవుతుంది. వైశాల్యం తగ్గుతుంది, వేగం పెరుగుతుంది, పీడన తేడా పెరుగుతుంది. మీటరు దాదాపు 3 శాతం ఎక్కువ చూపిస్తుంది.

ఈ దిశ గుర్తుపెట్టుకోండి, తప్పు వెతికేటప్పుడు చాలా పనికొస్తుంది. అరిగిన ప్లేటు తక్కువ చూపిస్తుంది, పూత పట్టిన వెంచురీ ఎక్కువ చూపిస్తుంది. వెంచురీ ఎక్కువ చూపించడం మరీ చెడ్డది, ఎందుకంటే అందరూ సంతోషిస్తారు, ఎవరూ ఫిర్యాదు చేయరు. అందుకే వెంచురీ ఉన్నచోట కూడా ఏడాదికోసారి ట్యాంకు పరీక్ష చేయమంటాను.

రెండో సమస్య, వెంచురీని మార్చలేకపోవడం. రేపు ఊరి అవసరం పెరిగి మూడో పంపు పెడితే ప్లేటు తీసి పెద్ద రంధ్రం ఉన్నది పెట్టుకోవచ్చు, గంట పని. వెంచురీ గొంతు అలాగే ఉండిపోతుంది. విప్పి లోపల చూడాలన్నా 300 మి.మీ. పోత ఇనుము వెంచురీకి చెయిన్ బ్లాక్ కావాలి, ఇద్దరు ముగ్గురు మనుషులు కావాలి. కొనేటప్పుడే వచ్చే పదేళ్ల నీటి అవసరం చూసుకుని గొంతు ఎంచుకోవాలి.

రెండింటినీ సమానంగా ముంచేవి సన్న గొట్టాలు

నేను చూసిన తప్పుడు కొలతల్లో ఎక్కువ భాగం ప్లేటులోనో వెంచురీలోనో లేవు. పీడనాన్ని మీటరు దాకా తెచ్చే సన్న గొట్టాల్లో ఉన్నాయి. నీటి పైపు అడ్డంగా ఉన్నప్పుడు ఆ గొట్టాలను పైపు పక్క నుంచి తీయాలి. పైనుంచి తీస్తే గాలి చేరుతుంది, కింద నుంచి తీస్తే బురద చేరుతుంది. అక్కడి నుంచి మీటరు దాకా గొట్టం వాలుగా కిందికే వెళ్లాలి, మధ్యలో మూపులా లేవకూడదు. లేచినచోట గాలి బుడగ కూర్చుంటుంది.

ఎక్కువ పీడనం వచ్చే గొట్టంలో పది సెం.మీ. ఎత్తు మేర గాలి నిలిచిపోయిందనుకోండి. మన 0.89 మీటర్ల తేడాలో 0.10 తగ్గి 0.79 కనిపిస్తుంది. ప్రవాహం వర్గమూలాన్ని బట్టి వస్తుంది కాబట్టి మీటరు 6 శాతమే తక్కువ చూపిస్తుంది, ఎవరూ పట్టించుకోరు. కానీ ఎండాకాలంలో ఏరు సన్నబడి ఒక్క పంపే నడుస్తున్నప్పుడు ప్రవాహం 140 అవుతుంది. అప్పుడు నిజమైన తేడా 0.28 మీటర్లే. అందులో అదే 0.10 పోతే మీటరు 20 శాతం తక్కువ చూపిస్తుంది. గాలి మారలేదు, తప్పు మూడింతలైంది.

అందుకే రోజూ పొద్దున ఈక్వలైజింగ్ వాల్వు తెరిచి రెండు వైపుల పీడనాన్ని కలపాలి. అప్పుడు మీటరు సున్నా చూపించాలి. చూపించకపోతే మీటరు సున్నా తప్పినట్టు. గాలి గొట్టాల్లో ఉంటే మాత్రం ఈ పరీక్షకు ఒక్కోసారి దొరకదు, కాబట్టి గాలి వదిలే వాల్వులు తెరిచి బుడగలు ఆగి నీరు ధారగా వచ్చేదాకా వదలాలి. రెండు నిమిషాల పని.

ఈ వర్గమూలం సంగతే రెండింటి పరిధినీ నిర్ణయిస్తుంది. ప్రవాహం మూడో వంతుకు తగ్గితే పీడన తేడా తొమ్మిదో వంతుకు పడిపోతుంది. మీ గరిష్ఠ ప్రవాహం, కనిష్ఠ ప్రవాహం మధ్య నాలుగు రెట్ల కన్నా ఎక్కువ తేడా ఉంటే ప్లేటైనా వెంచురీయైనా కింది కొసన నమ్మదగ్గ కొలత ఇవ్వడం కష్టం. అలాంటిచోట, కరెంటు, బడ్జెట్ రెండూ ఉంటే, ఎలక్ట్రోమాగ్నెటిక్ మీటరు వైపు చూడండి.

ప్లేటే సరైన చోట్లు

ఇదంతా చదివి వెంచురీయే ఎప్పుడూ మేలని అనుకోవద్దు. అదే ఊళ్లో కాలనీకి వెళ్లే 100 మి.మీ. పైపు ఒకటి ఉంది. గంటకు 25 ఘనపు మీటర్లు, రోజుకు ఆరు గంటలు, చిన్న పంపు. అక్కడ 60 మి.మీ. రంధ్రం ఉన్న ప్లేటు పెడితే పోయే పీడనం 0.45 మీటర్లు. పంపు సామర్థ్యం 60 శాతం వేసుకున్నా ఏడాదికి 110 యూనిట్ల చిల్లర. ఎనిమిది వందల రూపాయల లోపే. దీనికోసం వెంచురీ కొంటే దాని అదనపు ధర మీటరు ఆయుష్షు మొత్తంలో కూడా తిరిగి రాదు. వంపు లేని పైపు కూడా 42 రెట్లంటే 4.2 మీటర్లే, వీధి పక్కన తేలిగ్గా దొరుకుతుంది.

ఇంకో చోటు ఉంది, దీన్ని మాత్రం ఎవరూ గమనించరు. ఎత్తైన ట్యాంకు నుంచి గురుత్వంతో కిందికి వచ్చే పైపు. విజయనగరం వైపు గుట్ట మీద ట్యాంకు కట్టి కింది ఊళ్లకు వదిలే స్కీముల్లో ఇది మామూలే. పీడనం ఎక్కువై కింద పైపులు పగులుతాయని వాల్వు సగం మూసి నడుపుతారు. అంటే పీడనాన్ని మనమే కావాలని చంపుతున్నాం. అలాంటిచోట ప్లేటు తినే అర మీటరుకు కరెంటు ఖర్చు సున్నా. వాల్వు కాస్త ఎక్కువ తెరిస్తే సరిపోతుంది. వెంచురీ ఇచ్చే ఏకైక పెద్ద లాభం అక్కడ చెల్లదు. నీరు శుభ్రపరిచి వస్తుంది కాబట్టి అంచుకు ఇసుక బాధ కూడా లేదు. నేనైతే కళ్లు మూసుకుని ప్లేటు పెడతాను, వాల్వు మాత్రం దాని తర్వాత ఉంచుతాను.

ఆ కమిటీ ఏం చేసింది

తిప్పి బిగించిన ప్లేటుతో వచ్చే వేసవి దాకా నడిపి, తర్వాత మెయిన్ పైపుకు వెంచురీ పెట్టుకుందామని అనుకున్నారు. రోజుకు 16 గంటలు నడవడం, అయిదు మీటర్ల చోటే ఉండటం, ఏటి నీటి ఇసుక, మూడూ ఒకే వైపుకు చూపించాయి. కొటేషన్ అడిగేటప్పుడు పైపు సైజు ఒక్కటే రాసి పంపితే దుకాణంలో ఉన్నది పంపేస్తారు. అందుకే నాలుగు సంగతులు రాయించాను. గరిష్ఠ ప్రవాహం 250, కనిష్ఠం 140. గరిష్ఠం దగ్గర పీడన తేడా 0.75 మీటర్ల ప్రాంతంలో ఉండాలి. విప్పారే భాగం కోణం 15 డిగ్రీలు దాటకూడదు, ఎందుకంటే కోణం పెరిగితే నీరు గోడను వదిలేసి, పీడనం తిరిగి రావడం తగ్గిపోతుంది. ఆ వెంచురీ C విలువ, గొంతు కొలిచిన అసలు వ్యాసం రాసిన కాగితం దానితో పాటు రావాలి.

ఆ చివరి కాగితం రాకపోతే డబ్బు ఇవ్వొద్దన్నాను. గొంతు 150 అని చెప్పి 152 వస్తే మీటరు తీసుకున్న మొదటి రోజు నుంచే దాదాపు 3 శాతం తక్కువ చూపిస్తుంది. తర్వాత ఎన్నిసార్లు గాలి వదిలినా, సున్నా సరిచూసినా ఆ తప్పు దొరకదు. పాత ప్లేటును కడిగి, గ్రీజు రాసి, అంచుకు ఏదీ తగలకుండా రెండు చెక్కల మధ్య కట్టి స్టోర్ రూమ్‌లో నిలబెట్టమని ఆపరేటరుకు చెప్పాను. కాలనీ పైపు ఆర్డరులో 100 మి.మీ. ప్లేటును కూడా చేర్చారు.